మెడకీ మేడకీ నడుమ ఒక్క మాత్ర

‘అమ్మాయి వేదిక మీద పాడింది’ అంటే చప్పట్లు కొడతాం. ‘అమ్మాయి వేదిక మీద పడింది’ అంటే లేపడానికి పరుగెడతాం. రెండు వాక్యాల్లోనూ మాటల వరస ఒకటే. ‘ప’ను ఎంతసేపు పలికామన్నదే తేడా.

తెలుగు కొత్తగా నేర్చుకునేవారిని ఇలాంటి జంటలు బాగా తికమకపెడతాయి. వీటిలో రెండు రకాలున్నాయి. మెడ-మేడ, నెల-నేల లాంటివి దీర్ఘంతో అర్థం మారేవి. పతకం-పథకం, దూప-ధూపం లాంటివి ఒత్తు అక్షరంతో మారేవి. రెండూ ఒకే రకం చిక్కులా కనిపిస్తాయి కానీ, వాటిని విప్పే దారులు వేరు. దీర్ఘాన్ని చెవితో పట్టుకోవాలి. ఒత్తును మాట పుట్టుకను బట్టి పట్టుకోవాలి.

దీర్ఘం: చెవి పని

మన ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ‘మెడ’ రెండు మాత్రల మాట, ‘మేడ’ మూడు మాత్రల మాట. వేలితో బల్ల మీద తాళం వేస్తూ పలికిస్తే నేర్చుకునేవారికి ఈ తేడా త్వరగానే అందుతుంది. పెను-పేను, తెగ-తేగ, కొన-కోన, వరం-వారం, కలం-కాలం, ఉరి-ఊరి, నలుగు-నాలుగు... ఈ జంటలన్నీ ఇదే లెక్కన నడుస్తాయి. తుఫాను పెనుది కావచ్చు గానీ పేనుది కాదు కదా!

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ‘పుట’ అంటే పేజీ, ‘పూట’ అంటే రోజులో ఒక భాగం, ‘పుట్ట’ అంటే పాములుండేది. ఛందస్సు ప్రకారం పూటలోని ‘పూ’, పుట్టలోని ‘పు’ రెండూ గురువులే. కొత్తవారు ఈ రెండింటినీ కలిపేసేది ఇక్కడే. ‘పూట’లో సాగేది అచ్చు. గొంతు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ‘పుట్ట’లో అచ్చు పొట్టిదే. నాలుక అంగిలికి తగిలి ఓ క్షణం అక్కడే ఆగుతుంది, ఆ క్షణం చప్పుడు ఉండదు. చెవిలో పడింది మోతా, మౌనమా అని గమనిస్తే చాలు, ఏది పూటో ఏది పుట్టో తెలిసిపోతుంది.

అచ్చతెలుగు మాటల్లో అర్థాన్ని మార్చే దీర్ఘం ఎక్కువగా మొదటి అక్షరం మీదే ఉంటుంది. మాట చివర వచ్చే దీర్ఘం సంగతి వేరు. ‘వచ్చాడు’ అన్నది సమాచారం, ‘వచ్చాడా’ అన్నది ప్రశ్న. ‘పాలూ పెరుగూ తెచ్చాను’ అన్నప్పుడు ఆ చివరి దీర్ఘాలు రెండు వస్తువులనూ కలుపుతున్నాయి. ‘పాలూ’ అనే మాట కోసం నిఘంటువు తిరగేస్తే దొరకదు. అందుకే మొదట సాగితే మాట మారిందేమో చూడాలి, చివర సాగితే చెప్పేవాడి ఉద్దేశం ఏమిటో చూడాలి.

వినడం కష్టమైనప్పుడు పక్క మాటలు సాయం చేస్తాయి. వెల-వేల జంటనే చూడండి. ‘వేల’ ఒంటరిగా నిలవదు, దాని వెనక రూపాయలో, మనుషులో, ఎకరాలో రావాలి. ‘వెల ఎంత?’ అని మాత్రం నేరుగా అడగొచ్చు. మెడకీ మేడకీ రెండింటికీ ‘మీద’ చేరుతుంది కాబట్టి అక్కడ క్రియను చూడాలి. ఎక్కడం, దిగడం మేడకే. నొప్పి పుట్టడం, పట్టేయడం మెడకే. అయితే ఈ సాయం అన్నిచోట్లా దొరకదు. వేదిక మీద పాడిందో, పడిందో పక్క మాటలు చెప్పలేవు. అక్కడ చెవే దిక్కు. అందుకే దీర్ఘం విషయంలో సందర్భం చూసి సరిపెట్టుకోవడం అలవాటు చేసుకోకూడదు.

ఎవరికి ఏది కష్టమన్నది వారి ఇంటి భాషను బట్టి ఉంటుంది. హిందీలో ఎ-ఏ, ఒ-ఓ అనే తేడా లేదు. హిందీ మాట్లాడేవారు ‘పలు-పాలు’ను సులువుగానే విడదీస్తారు గానీ, నెల-నేల, కొన-కోన దగ్గర తడబడతారు. తమిళంలో ఈ పొట్టి పొడుగు అచ్చులు మనకున్నట్టే ఉన్నాయి కాబట్టి తమిళులకు ఆ ఇబ్బంది ఉండదు. వారి లిపిలో ఒత్తు అక్షరాలే లేవు కాబట్టి ఖ, థ, ధ, భ దగ్గర వారికి చిక్కు. హిందీవారికి అవి చిన్నప్పటి నుంచీ అలవాటైనవే.

ఒత్తు: పుట్టుక సంగతి

పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ 1858లో అచ్చయింది. సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 అని ఆయన అందులో లెక్క చెప్పారు. ఆ 36లో ఒత్తు అక్షరాలు లేవు. అంటే మాటలో ఖ, ఘ, థ, ధ, భ లాంటివి కనిపిస్తే అది సంస్కృతం నుంచో, మరో భాష నుంచో వచ్చిందని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. ధగధగ, భగభగ లాంటి ధ్వని మాటలు, నలభై, యాభై, తొంభై లాంటి అంకెలు దీనికి మినహాయింపులు.

ఈ ఒక్క సూత్రంతో చాలా జంటలు విడిపోతాయి. ‘కండ’ మన మాట, ఒంటి మీద ఉండేది. ‘ఖండం’ సంస్కృతం, ఆసియా లాంటిది. తెలంగాణలో దాహాన్ని ‘దూప’ అంటారు, దేవుడి ముందు వేసేది ‘ధూపం’. రైలుకు ఉండేది ‘బోగీ’, సంక్రాంతికి ముందురోజు వచ్చేది ‘భోగి’. ‘భోగి మంటలు’ అని రాయబోయి ఒత్తు మరచి, దీర్ఘం చేర్చామా, రైలుకు నిప్పంటుకుంటుంది! తెలంగాణలో 2018లో మొదలైన ‘రైతు బంధు’లోని బంధు అంటే చుట్టం, ఆత్మీయుడు. ఒత్తు తీసేసి ‘రైతు బందు’ అని రాస్తే రైతులు సమ్మె కట్టినట్టుంటుంది.

రెండూ సంస్కృత మాటలే అయినప్పుడు పుట్టుక సూత్రం ఒక్కటే సరిపోదు. అప్పుడు ఆ మాట స్థానంలో అచ్చతెలుగు మాట పెట్టి చూడాలి. అర్థం-అర్ధం దగ్గర ఇది బాగా పనిచేస్తుంది. ‘సగం’ పెడితే వాక్యం నిలిచిందా, అది అర్ధమే. అర్ధరాత్రి, అర్ధశతకం, అర్ధచంద్రుడు అలాంటివి. నిలవకపోతే అర్థం: అర్థశాస్త్రం, అర్థవంతం, పరమార్థం. ‘విద్యార్థి’ అంటే విద్య కోరేవాడు, సగం చదువు చదివినవాడు కాదు. అందుకని అక్కడ ‘థ’యే రాయాలి. అచ్చులో ఈ రెండు అక్షరాలకూ తేడా పొట్టలోని చుక్కే. చుక్క ఉంటే ‘థ’, లేకపోతే ‘ధ’.

సభల బ్యానర్ల మీద తరచూ తారుమారయ్యే జంట ప్రదానం-ప్రధానం. ‘ప్రదానం’లో దానం దాగి ఉంది, అంటే ఇవ్వడం. ‘ప్రధానం’ అంటే ముఖ్యం. బహుమతి ఇస్తారు కాబట్టి అది బహుమతి ప్రదానం. ప్రధానమంత్రి, ప్రధానోపాధ్యాయుడు మాత్రం ముఖ్యులు. ‘ఇవ్వడం’, ‘ముఖ్యం’ అనే రెండు మాటలనూ మార్చి మార్చి పెట్టి చూస్తే ఏ అక్షరం రాయాలో తేలిపోతుంది.

నేర్చుకునేవారికి ఒక హెచ్చరిక మాత్రం అవసరం. రోజువారీ మాటల్లో మనలో చాలామంది ఒత్తులను గట్టిగా పలకం. పతకం, పథకం రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. వార్తలు చదివేవారి నోట తేడా తెలియవచ్చు, కూరగాయల బజారులో తెలియదు. కాబట్టి ఒత్తు కోసం చెవిని నమ్ముకుని లాభం లేదు. వినేటప్పుడు సందర్భం, రాసేటప్పుడు నిఘంటువు, ఇవే ఆధారం.

ఒక సందేశాన్ని విప్పి చూద్దాం

దీర్ఘం, ఒత్తు రెండూ ఒకేసారి మాయమయ్యే చోటు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో రాసే తెలుగు. తెలుగు నేర్చుకుంటున్న ఒకరికి ఈ సందేశం వచ్చిందనుకుందాం:

```
ee nela ma ammayiki pathakam vachindi
```

ఇందులో `nela` నెల కావచ్చు, నేల కావచ్చు. `pathakam` అయితే నాలుగు రకాలు: పతకం, పథకం, పాతకం, పతాకం. ఒకటి మెడలో వేసేది, ఒకటి ప్రభుత్వం ప్రకటించేది, ఒకటి పాపం, ఒకటి జెండా. ఇందులోని ‘h’ని చూసి ఒత్తు ఉందనుకుంటే పొరపాటే. మనవాళ్లు ‘త’ కోసమే `th` రాస్తారు. సుజాత పేరు `Sujatha` అని రాయడం అలాంటిదే.

ముందు `nela` తేలుద్దాం. కాలాన్ని చెప్పే మాట విభక్తి లేకుండానే వాక్యంలో ఇమిడిపోతుంది: ఈ నెల, ఈ వారం, ఈ పూట. చోటును చెప్పే మాటకు మామూలుగా ‘మీద’, ‘లో’, ‘కి’ లాంటిదేదో కావాలి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. కాబట్టి అది నెల.

ఇక `pathakam`. చివరి క్రియ ‘వచ్చింది’. పతాకాన్ని ఎగరేస్తారు, పాతకం చుట్టుకుంటుంది. ఆ రెండూ వాటంతట అవి తప్పుకున్నాయి. పతకమూ వస్తుంది, పథకమూ వస్తుంది. ఈ రెండింట్లో ఏదో తేల్చేది ‘మా అమ్మాయికి’ అన్న మాట. ఒక మనిషి గెలుచుకునేది పతకం, ఒక వర్గం కోసం పెట్టేది పథకం. అమ్మాయి ఒక్కతే కాబట్టి ఇది పతకం. అదే చోట `raithulaku` అని ఉంటే పథకమని చదువుకోవాలి. ‘ఈ నెల మా అమ్మాయికి పథకం డబ్బులు వచ్చాయి’ అని ఉంటే, ‘డబ్బులు’ అన్న మాటతో తీర్పు మళ్లీ మారుతుంది. అందుకే ఒక్క గుర్తు దొరగ్గానే ఆగకుండా వాక్యం చివరిదాకా చదవాలి.

ఇన్ని మెట్లు ఎక్కాల్సి వచ్చింది లిపి మారినందుకే. తెలుగు లిపిలో రాసి ఉంటే ఏత్వమా ఎత్వమా, తకారమా థకారమా అన్నది కంటికే కనిపించేది. మీ ఇంటి కోడలో అల్లుడో, విదేశంలో పెరుగుతున్న మనవడో తెలుగు నేర్చుకుంటున్నారా? వాళ్లకు పంపే రెండు ముక్కలైనా తెలుగు అక్షరాల్లోనే పంపండి. మాట్లాడేటప్పుడు దీర్ఘాలను మింగేయకుండా పలకండి. ఒత్తులను వాళ్లు మెల్లగా నిఘంటువు చూసి నేర్చుకోగలరు. దీర్ఘాలు మాత్రం మీ నోటి నుంచే నేర్చుకోవాలి.