ఆకు ఎటు ముడిచింది?

“మిరపకు ఆకు ముడత వచ్చింది. మంచి మందు చెప్పగలరు.”

వ్యవసాయ సలహాల యాప్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే జవాబు రాయాల్సిన శాస్త్రవేత్తకు ఏం పాలుపోదు. రైతు అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ ఒక్క మాటలో మూడు తెగుళ్లు దాక్కుని ఉన్నాయి.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా మారితే అది పై ముడత, తామర పురుగుల పని. ఆకు కిందికి వంగి తిరగేసిన పడవలా కనబడుతూ కాడ సాగితే అది కింది ముడత, నల్లి పని. నల్లి నిజానికి పురుగు కాదు, సాలీడుకు దగ్గరి చుట్టం. అందుకే పురుగుల మీద పనిచేసే మందులు చాలా వరకు దాన్ని ఏమీ చెయ్యవు. ఇక మూడోది తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్. ఆకులు చిన్నబోయి ముడుచుకుంటాయి, మొక్క గిడసబారుతుంది. సోకిన మొక్కకు మందు లేదు. పీకేసి, దోమను అదుపు చెయ్యడమొక్కటే దారి.

కాబట్టి ప్రశ్న రాసే చోట “పూర్తి వివరాలు ఇవ్వండి” అని సలహా పెడితే దండగే. ఏది పూర్తో రైతుకెలా తెలుస్తుంది? ఆకు పైకి ముడిచిందా, కిందికా, లేత ఆకా, ముదురు ఆకా, నాటి ఎన్ని రోజులైంది, చేనంతా ఉందా, అక్కడక్కడానా, చివరిసారి ఏం కొట్టారు అని విడివిడిగా అడగాలి. పక్కనే ఒక మంచి ప్రశ్న చూపిస్తే ఇంకా మేలు:

“మిరప, నాటి 55 రోజులు. వారం నుంచి చివరి లేత ఆకులు కిందికి ముడుస్తున్నాయి, కాడలు సాగాయి. గట్టు వెంట పది సాళ్లలోనే ఉంది. ఎనిమిది రోజుల క్రితం ఫిప్రోనిల్ కొట్టాను, తగ్గలేదు.”

ఇది చదివిన శాస్త్రవేత్త అనుమానం నేరుగా నల్లి మీదికి పోతుంది. ఫిప్రోనిల్ తామర పురుగులకు కొట్టే మందు. తగ్గలేదన్న చివరి మాట ఆ అనుమానాన్ని గట్టిపరుస్తుంది. చాలామంది రాయకుండా వదిలేసేది సరిగ్గా ఈ మాటే. రాసినా డబ్బా మీది పెద్దక్షరాల పేరు రాస్తారు. కావలసింది లేబుల్ మీద చిన్నగా ఉండే అసలు మందు పేరు, లీటరు నీటికి కలిపిన మోతాదు.

ఫొటోల్లో ఆకు అడుగుభాగం ఒకటి, మొక్క మొత్తం ఒకటి ఉండాలి. పూత మొదలైతే పువ్వు లోపలిది కూడా తీయాలి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప మీద విరుచుకుపడిన కొత్త జాతి తామర పురుగులు పూలలోనే గుంపులుగా చేరాయి.

వైరస్‌ను ఒక్కోసారి ఫొటో చూసి తేల్చలేరు. అప్పుడు కొమ్మ తెంపి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లాలి. యాప్ లేనివాళ్లు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు. చేసే ముందు ఆకును ఒకసారి తిప్పి చూసుకోండి.