దూడకు గాలికుంటు టీకా ఎప్పుడు?

జూన్‌లో ఒక ఆవు పెయ్యదూడను ఈనిందనుకుందాం. దానికి గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలి? ఎంత ముందు వేస్తే అంత మంచిదని తోస్తుంది. పశువైద్యుల పట్టిక మాత్రం నాలుగు నెలలు నిండాలంటుంది. దీనికి కారణం జున్నుపాలు.

ఆవుల్లో తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మావి దాటి కడుపులోని దూడకు చేరవు. జున్నుపాల ద్వారానే అందాలి. దూడ పేగు వాటిని చెడగొట్టకుండా పీల్చుకునేది పుట్టిన మొదటి రోజే, అందులోనూ తొలి గంటల్లో ఎక్కువ. ఈ అరువు రక్షణ నెలల మీద తరుగుతుంది. అది బలంగా ఉండగా టీకా వేస్తే తల్లి ప్రతిరక్షకాలే మందును అడ్డగిస్తాయి, దూడకు సొంత రక్షణ సరిగా పుట్టదు.

కాబట్టి మన దూడకు మొదటి మోతాదు అక్టోబరులో, బూస్టర్ నవంబరులో. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండోదాన్నే. గాలికుంటు టీకాలో ఉండేది చంపిన వైరస్. అది ఒంట్లో పెరగదు గనుక ఒక్క సూదితో వచ్చిన రక్షణ తొందరగా సన్నగిల్లుతుంది. బూస్టర్ తర్వాత ఆరు నెలలకోసారి, అంటే మేలో, మళ్లీ నవంబరులో. మే నెలలోనే, తొలకరికి ముందు, గొంతువాపు, జబ్బవాపు టీకాలూ వేయించాలి. రెండూ వానల్లో విజృంభించే బాక్టీరియా రోగాలు.

పెయ్య కాబట్టి ఇంకొకటుంది. ఈసుకుపోయే రోగం బ్రూసెల్లోసిస్‌కు నాలుగు, ఎనిమిది నెలల మధ్య జీవితంలో ఒక్కసారే టీకా. ఇందులో బతికున్న బాక్టీరియా ఉంటుంది. మగ దూడలకు, చూడి పశువులకు వేయరు. వేసేవారికి సూది గుచ్చుకుంటే వాళ్లకూ జబ్బు రావచ్చు.

‘టీకా వేయించినా గాలికుంటు వచ్చింది’ అన్న ఫిర్యాదు తరచూ వింటాం. సూది పడిన వారంలోపే నోట్లో, గిట్టల మధ్య పొక్కులు లేచి చొంగ కారుతుంటే, వైరస్ అప్పటికే ఒంట్లో ఉండి ఉండాలి. పైకి తేలడానికి దానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. టీకా పనిచేయడానికీ రెండు, మూడు వారాలు కావాలి. నెలలు గడిచాక వస్తే మాత్రం మందు నిల్వను అనుమానించాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సీసా ఎండలో వేడెక్కినా, ఫ్రీజర్‌లో గడ్డకట్టినా పాడవుతుంది. నా అనుమానం ఎక్కువసార్లు ఐస్ బాక్సు మీదికే పోతుంది.

టీకా తర్వాత ఒకటి రెండు రోజులు పాలు తగ్గడం, సూది పడినచోట కాస్త వాపు మామూలే. పాలు తగ్గుతాయని టీకా మానుకోవడం నష్టపు బేరం: గాలికుంటు తగిలిన లేగదూడ గుండె కండరం దెబ్బతిని, పొక్కులు కనబడక ముందే చనిపోవచ్చు. మొదటి సూది పడిన రోజే చెవిపోగు నంబరు, తేదీ రాసుకుని బూస్టర్ తేదీ అడిగి తెలుసుకోండి.