పాటల పెట్టె ఎవరింట్లో ఉండాలి?

2019 ఏప్రిల్‌లో మన దేశంలో స్పాటిఫై నుంచి పాత పాటలు పెద్ద ఎత్తున మాయమయ్యాయి. ఆ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టి అప్పటికి రెండు నెలలే. ఒప్పందం లేకుండానే తమ పాటలు వినిపిస్తున్నారంటూ, ఒకప్పటి హెచ్‌ఎంవీ రికార్డులకు వారసురాలైన సారెగామా ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. వాటిని తీసేస్తామని స్పాటిఫై ఒప్పుకుంది. 1950, 60ల నాటి తెలుగు సినిమా పాటల్లో చాలా భాగం సారెగామావే. 2020 జూన్‌లో రెండు కంపెనీలకూ ఒప్పందం కుదిరేదాకా, నెలనెలా డబ్బు కట్టినవాళ్ళకు కూడా అవి అక్కడ దొరకలేదు.

చందాతో మనం కొనేది పాటను కాదు, అది అక్కడ ఉన్నన్నాళ్ళు వినే అనుమతిని. ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకున్నా అంతే. ఆ ఫైలుకు తాళం వేసి ఉంటుంది, ఆ యాప్ తప్ప మరేదీ దాన్ని తెరవలేదు. స్పాటిఫై అయితే 30 రోజులకోసారైనా నెట్‌కు కలవమంటుంది, లేకపోతే డౌన్‌లోడ్లు పనిచేయవు. ఒక్కోసారి సేవే మూతపడుతుంది. జనం తమ పాటలను ఎక్కించుకుని దాచుకున్న గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో ఆగిపోయింది. ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు 2024లో ప్రకటించింది.

దీనికి మరో దారి ఇంట్లోనే సొంత మ్యూజిక్ సర్వర్ పెట్టుకోవడం. పేరు వినడానికి బరువుగా ఉన్నా, అది పాటల ఫైళ్ళున్న ఒక చిన్న కంప్యూటర్, దానిమీద నడిచే ఒక ప్రోగ్రాము, అంతే. ఇలాంటి ప్రోగ్రాముల్లో నావిడ్రోమ్ బాగా పేరున్నది. ఉచితం, ఓపెన్ సోర్స్. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. డాకర్ వాడేవాళ్ళకు కావలసిన అమరిక ఇంతే:

```yaml
services:
  navidrome:
    image: deluan/navidrome:latest
    ports:
      - "4533:4533"
    volumes:
      - /srv/music:/music:ro
      - /srv/navidrome:/data
    restart: unless-stopped
```

ఇందులో `ro` అన్న రెండక్షరాలు ముఖ్యం. పాటల ఫోల్డర్‌ను సర్వర్ చదవగలదు గానీ అందులో ఒక్క బైటు కూడా మార్చలేదు. ప్లేలిస్టులు, ఇష్టమైన పాటల గుర్తులు, ఏది ఎన్నిసార్లు విన్నారన్న లెక్క మాత్రం రెండో ఫోల్డర్‌లోని `navidrome.db` ఫైల్లోకి వెళ్తాయి.

ఒక ఇంట్లో 200 ఆడియో సీడీలు ఉన్నాయనుకుందాం. గంట నిడివి ఉన్న సీడీలో సంగీతం సుమారు 635 ఎంబీ ఉంటుంది. అంటే మొత్తం 127 జీబీ. ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే నాణ్యత రవ్వంత కూడా తగ్గకుండా అది 70, 80 జీబీలకు వస్తుంది. ఇప్పటి డిస్కులకు ఇదో లెక్క కాదు. 5 వాట్లు లాగే రాస్ప్‌బెర్రీ పై నెలంతా ఆగకుండా నడిచినా కాలేది 3.6 యూనిట్ల కరెంటే. ఇక బయట మొబైల్ డేటా మీద వింటే, అయిదు నిమిషాల పాటకు 30 ఎంబీ దాకా ఉండే ఫ్లాక్ ఫైలును సర్వర్ అప్పటికప్పుడు ఓపస్‌లోకి మార్చి పంపగలదు. సెకనుకు 96 కిలోబిట్ల దగ్గర అది 3.6 ఎంబీకి దిగుతుంది. ఇంట్లో ఉన్న అసలు ఫైలు అలాగే ఉంటుంది.

యంత్రం పెట్టడం ఒక సాయంత్రం పని. వారాలు పట్టేది ట్యాగుల పని.

ప్రతి పాట ఫైలులోనూ పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం లాంటి వివరాలు రాసి ఉంటాయి. వాటినే ట్యాగులంటారు. నావిడ్రోమ్ పాటలను ఫోల్డర్ పేర్లను బట్టి కాకుండా ఈ ట్యాగులను బట్టే అమరుస్తుంది. తెలుగు సినిమా పాటలకు చిక్కంతా ఇక్కడే. ఇంగ్లిష్ ఆల్బమ్‌లో సాధారణంగా మొదటి నుంచి చివరిదాకా ఒకే గాయకుడో, ఒకే బృందమో ఉంటారు. మన సినిమాలో ఒక పాట బాలు ఒక్కరే పాడతారు, ఒకటి బాలు, సుశీల కలిసి, మరొకటి జానకి. ALBUMARTIST అన్న ట్యాగు ఖాళీగా ఉంటే సర్వర్ పాడినవారి పేరునే ఆల్బమ్ సొంతదారుగా తీసుకుంటుంది. దాంతో ఒకే సినిమా మూడు ముక్కలై, తెరమీద ఒకే బొమ్మతో మూడుసార్లు కనిపిస్తుంది. అలా కనిపించిందంటే ట్యాగులో లోపం ఉన్నట్టే.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ లాంటి ట్యాగు సవరణ ప్రోగ్రాములో ఆ సినిమా పాటలన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, ఆ ట్యాగులో సంగీత దర్శకుడి పేరు రాస్తే ముక్కలు ఒకటవుతాయి. ఇంకో మేలూ ఉంది. 1953 నాటి దేవదాసు, 2006 నాటి దేవదాసు కలగాపులగం కావు. ఒకటి సి.ఆర్. సుబ్బురామన్ పేరు కింద, ఇంకొకటి చక్రి పేరు కింద నిలుస్తాయి. ఆ తర్వాత గాయకుల పేర్ల స్పెల్లింగు చూడాలి. P. Susheela, P.Suseela, Susheela అని మూడు రకాలుగా ఉంటే సర్వర్ దృష్టిలో వాళ్ళు ముగ్గురు మనుషులు. ఏదో ఒక రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే రాయాలి. యుగళగీతాల్లో ఇద్దరి పేర్ల మధ్య కామా బదులు సెమీకోలన్ పెడితే, పాట ఇద్దరి జాబితాల్లోనూ చేరుతుంది. ఈ పని విసుగే. కానీ ఒక్కసారి పూర్తయ్యాక, సుశీల ఏ సంగీత దర్శకుడి దగ్గర ఏమేం పాడారో తెరమీద వరుసగా కనిపిస్తుంది. చందా యాప్‌లలో పాత తెలుగు పాటలకు ఇంత శుభ్రమైన జాబితా అరుదు.

ఇంటి బయట నుంచి వినడంలో మన దేశంలో మరో అడ్డంకి ఉంది. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్ళకు పంచుతాయి. అలాంటి కనెక్షన్‌లో రౌటర్‌లో పోర్టు తెరిచినా బయటి ఫోను ఇంటిని చేరలేదు. రౌటర్ పేజీలో కనిపించే WAN చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే సంగతి అదేనని గ్రహించాలి. టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు నెట్‌వర్క్ ప్రోగ్రామును సర్వర్‌లోనూ ఫోన్‌లోనూ పెట్టుకుంటే ఈ గండం గడుస్తుంది. పోర్టు తెరవనక్కర్లేదు కాబట్టి సర్వర్ లోకమంతటికీ కనబడదు, భద్రత పరంగానూ ఇదే నయం.

డబ్బు ఆదా కోసమే అయితే సొంత సర్వర్ జోలికి పోనక్కర్లేదు. కంప్యూటరు, డిస్కు, బ్యాకప్ డిస్కు కొనే ఖర్చుతో కొన్నేళ్ళ చందా కట్టవచ్చు. ఈ శుక్రవారం విడుదలయ్యే సినిమా పాటలకు చందాయే సుఖం. వినని పాటలను పరిచయం చేయడంలోనూ దానికి సాటి లేదు. సర్వర్ విలువంతా వేరేచోట దొరకనివాటిలో ఉంది. సీడీల మీద మిగిలిన లలితగీతాలు, ఊళ్ళో జరిగిన కచేరీకి చేసుకున్న రికార్డింగు, తాతగారు క్యాసెట్ మీద చదివిన పద్యాలు ఏ కంపెనీ జాబితాలోకీ రావు. వాటికి ఇల్లే చోటు. అయితే ఒకే డిస్కు మీద ఉన్నది దాచుకున్న లెక్కలోకి రాదు. రాస్ప్‌బెర్రీ పైలోని మెమరీ కార్డు కరెంటు పోయి వచ్చే దెబ్బలకు ఎప్పుడైనా చెడిపోవచ్చు. పాటలకూ `navidrome.db`కీ ఇంకో డిస్కు మీద ఒక నకలు, వేరే ఊళ్ళో బంధువుల ఇంట మరొకటి ఉండాలి.

సర్వర్ సంగతి తర్వాత చూసుకున్నా, సీడీలున్నవాళ్ళు వాటిని ఫైళ్ళుగా మార్చే పని మాత్రం వాయిదా వేయకూడదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రాము సీడీని చదివాక, అదే సీడీని ఇతరులు చదివినప్పుడు వచ్చిన ఫలితంతో పోల్చి తప్పులుంటే చెబుతుంది. అరుదైన తెలుగు సీడీలు చాలావరకు ఆ పట్టికలో ఉండవు. అప్పుడు రెండుసార్లు చదివించి, ప్రతి పాటకూ వచ్చే CRC సంఖ్య రెండుసార్లూ ఒకటేనా అని చూడాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవు దాదాపు కనుమరుగైంది గానీ, యూఎస్‌బీకి తగిలించే డ్రైవులు ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతున్నాయి.