పుస్తకం మూశాకే పేరా వచ్చింది!

పీజీ ప్రాజెక్టు రిపోర్టు గైడ్ మేడమ్ చేతికిచ్చి హాయిగా ఊపిరి పీల్చుకున్నా. మర్నాడే పిలుపొచ్చింది. రెండో పేజీలో ఒక పేరా అంతా ఎర్ర గీతలే. ‘ఇది నీ రాతేనా?’ అన్నారు. ‘మాటలన్నీ మార్చాను మేడమ్’ అన్నా. ‘మాటలే మార్చావు’ అన్నారావిడ.

నేను చదివిన పేరా సారాంశం ఇంతే: ‘నల్గొండ జిల్లాలోని గ్రానైట్ శిలల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. భూగర్భ జలం ఆ శిలలను ఎక్కువకాలం తాకి ఉండటంతో ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. అందువల్ల కొన్ని లోతైన బోర్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటవచ్చు.’

నేనేం చేశానంటే... ‘శిలలు’ తీసి ‘రాళ్లు’, ‘భూగర్భ జలం’ తీసి ‘భూమి లోపలి నీరు’ అని పెట్టా. వాక్యాల వరుస అదే, కట్టుబడీ అదే. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారడు కదా! ఇదీ కాపీ కిందికే వస్తుందట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటి 40 శాతం లోపు ఉంటే, ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. వినగానే గుండె జారింది.

భయంతో ఆ రాత్రి పూర్తిగా మార్చేశా: ‘నల్గొండలో బోరు నీళ్లన్నీ ఫ్లోరైడ్ మయం.’ ఈసారి కాపీ కాదు, కానీ అబద్ధం! ‘కొన్ని’ పోయింది, ‘దాటవచ్చు’ పోయింది, కారణమూ పోయింది.

అప్పుడు మేడమ్ దారి చెప్పారు. ‘రెండుసార్లు చదువు. పుస్తకం మూసెయ్. పక్కనున్న ఫ్రెండ్‌కి చెప్పినట్టు రాయి. తర్వాతే తెరిచి పోల్చుకో.’

అలా రాస్తే ఇలా వచ్చింది: ‘నల్గొండలో కొన్ని లోతైన బోర్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించే అవకాశం ఉంది. ఇందుకు కారణం అక్కడి గ్రానైటే. దాన్ని ఆనుకుని చాలాకాలం నిలిచిన నీటిలోకి రాతి ఖనిజాల్లోని ఫ్లోరైడ్ చేరుతుంది.’ మూలం కారణంతో మొదలైతే, నాది ఫలితంతో మొదలైంది.

పోల్చేటప్పుడు మూడే చూశా. ఎంత, ఎక్కడ అన్నవి సరిపోయాయా? ‘కొన్ని’, ‘వచ్చు’ లాంటి మాటల బలం తగ్గకుండా, పెరగకుండా ఉందా? ఏది కారణం, ఏది ఫలితం అన్నది తారుమారు కాలేదు కదా? ఫ్లోరైడ్, గ్రానైట్, 1.5 మాత్రం అలాగే ఉంచా. వాటికి వేరే మాటలు వెతికితే అర్థమే చెడుతుంది.

పేరా చివర పుస్తకం పేరు, రచయిత పేరు రాయడం మర్చిపోలేదు. మాటలు నావైనా, విషయం వాళ్లదే కదా!

ఈసారి మేడమ్ ఎర్ర పెన్ను తీయలేదు. పేజీ తిప్పేశారు.