ముక్కు పలకని వంటిల్లు

మా పిన్ని రెండేళ్ల కిందట స్కూటర్ మీంచి వెనక్కి పడింది. తల వెనక బొప్పి కట్టింది గానీ స్కానింగ్‌లో భయపడాల్సిందేమీ లేదన్నారు. ఇంటికొచ్చిన వారానికి పప్పులో తాలింపు వేస్తూ, "ఏమే, ఈ ఇంగువ కల్తీదా? వాసనే లేదు" అని అడిగింది. ఇంగువ ఘాటుకు నాకు తుమ్ములొస్తున్నాయి.

ముక్కు పైకప్పు నుంచి మెదడుకు వెళ్లే సన్నని నరాల పోగులు జల్లెడలాంటి ఎముక కంతల్లోంచి పోతాయి. తలకు దెబ్బ తగిలి మెదడు ఒక్కసారి కుదుపుకు లోనైతే అవి తెగిపోవచ్చు. కొవిడ్ లాంటి వైరస్ జబ్బులు, ముక్కులో కండ పెరగడం, పైబడిన వయసు కూడా వాసనను పోగొడతాయి. కండ పెరిగితే చికిత్స ఉంది కాబట్టి ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. పిన్నికి మాత్రం వాసన తిరిగి రాలేదు.

ఒక సాయంత్రం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మంట ఆరింది గానీ నాబ్ తెరిచే ఉంది. పిన్ని హాల్లో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. కాసేపటికి పాల సంగతి గుర్తొచ్చి లేచి, చీకటి పడిందని లైటు స్విచ్ మీదికి చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పక్కింటి అమ్మాయి "ఆంటీ, స్విచ్ ముట్టుకోకండి, గ్యాస్!" అని కేక పెట్టింది.

వంటగ్యాస్‌కు దానికదిగా వాసన ఉండదు. లీకైతే జనానికి తెలియాలని ఇథైల్ మెర్‌క్యాప్టన్ అనే కంపు కొట్టే రసాయనాన్ని అందులో కలుపుతారు. ఆ జాగ్రత్త పిన్ని లాంటివాళ్లకు అక్కరకు రాదు. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే చాలు, స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

మర్నాడే బాబాయి గ్యాస్ అలారం కొనుక్కొచ్చాడు. ఎలక్ట్రీషియన్ దాన్ని చిమ్నీ పక్కన, పైన బిగించి వెళ్లాడు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు. కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది, అది పైనున్న అలారాన్ని చేరేసరికి ఆలస్యమైపోతుంది. అలారం నేల నుంచి అడుగు ఎత్తులో, సిలిండర్‌కు దగ్గర్లో ఉండాలి. పైపు గ్యాస్ వచ్చే ఇళ్లలో ఇది తిరగబడుతుంది. దానిలోని మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి అలారాన్ని పైకప్పుకు అడుగు కిందుగా పెట్టాలి.

కిందికి దించాక ఇంకో లోపం బయటపడింది. పడుకునే ముందు వంటింటి స్విచ్‌లన్నీ కట్టేయడం బాబాయికి అలవాటు, దాంతోపాటు అలారమూ ఆగిపోయేది. ఇప్పుడు ఆ స్విచ్ మీద టేపు అంటించారు. కరెంటు పోతుందనుకుంటే బ్యాటరీ కూడా ఉన్నది కొనడం మేలు. లోపలి సెన్సర్ ఏళ్లు గడిచేకొద్దీ మొద్దుబారుతుంది, పెట్టె మీద రాసిన గడువుకు మార్చేయాలి. మంట ఆరితే గ్యాస్‌ను తనంతట తనే ఆపేసే పొయ్యిలు కూడా దొరుకుతున్నాయి. కొత్తది కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

అలారం మోగితే ఏ స్విచ్‌నూ వేయకూడదు, కట్టేయకూడదు. చేతికందితే రెగ్యులేటర్ ఆపి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరూ బయటికి వచ్చేయాలి. ఫోను బయటికి వచ్చాకే. ఎల్పీజీ లీకుల అత్యవసర నంబరు 1906.

ఇక తిండి సంగతి. మొదట్లో పిన్ని నిన్నటి పప్పును నాలిక మీద వేసుకుని చూసేది. నాలికకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి గానీ పాచి వాసన తెలియదు. అసలు పాడైన తిండంతా కంపు కొట్టదు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో ఒకరకం బ్యాక్టీరియా విషం చేరవచ్చు. వాసన మారదు, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే పిన్ని రుచి చూడటం మానేసి గడియారాన్ని నమ్ముకుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, గిన్నె మీద కాగితపు టేపు, దాని మీద వండిన రోజు. మర్నాటికి అవ్వకపోతే పారేస్తుంది. పప్పు నురగ కట్టినా, గరిటెతో ఎత్తితే తీగ సాగినా తేదీ చూడకుండానే పారేస్తుంది. పాలు అనుమానంగా ఉంటే గరిటెడు విడిగా కాచి, విరగలేదని చూశాకే మిగతావి పొయ్యి మీద పెడుతుంది.

వయసుతో వాసన మెల్లగా తగ్గుతుంది కాబట్టి తగ్గిందని చాలామంది పెద్దవాళ్లకు తెలియనే తెలియదు. మీ ఇంట్లో ఒంటరిగా వంట చేసుకునే అమ్మమ్మో తాతయ్యో ఉంటే, ఈ రోజే కళ్లు మూసుకోమని చెప్పి కాఫీపొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టి అదేమిటో అడగండి. చెప్పలేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆ లోపే అలారం బిగించండి.