తాతయ్య కౌలు పుస్తకం, నా ల్యాప్‌టాప్

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికొచ్చాయి. కొల్లిపర లంక చేలల్లో అరటి, పసుపు మునిగాయి. ఆ హడావుడిలో మా ఇంట్లో అటక మీదికి ఎక్కించిన సామాన్లలో తాతయ్య కౌలు పుస్తకం కూడా ఉంది. అంచులు తడిసి, సిరా కొంచెం పాకింది. ఇంకో వరద దాకా ఆగకుండా దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలనుకున్నాను.

అరవై పేజీలు. ఫోన్‌తో ఫొటోలు తీసి ఏదో ఒక క్లౌడ్ సర్వీసుకి ఇస్తే పదినిమిషాల పని అనుకున్నా. బాబాయ్ ఒప్పుకోలేదు. "అందులో ఎవరి చెక్క ఎవరు చేస్తున్నారో, ఎన్ని బస్తాలిచ్చారో పేర్లతో సహా ఉంది. నోటిమాట మీద నడిచిన కౌళ్లు రా అవి. వాళ్లని అడక్కుండా నువ్వెలా పంపిస్తావ్?" అన్నాడు. మన వైపు కౌలు ఎక్కువగా నోటిమాటే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి, చాలామంది ఆ సంతకానికే జంకుతారు. అలాంటప్పుడు పేర్లున్న పేజీని ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపడం నా ఒక్కడి ఇష్టం కాదు. సరే, నా ల్యాప్‌టాప్‌లోనే చదివిద్దాం అని మొదలుపెట్టాను.

నాది 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మలు చూడగలిగే మోడళ్లలో దీనికి సరిపడేది `gemma3:4b`. 400 కోట్ల పారామీటర్లు, ఒక్కోదానికి 4 బిట్లు అంటే అర బైటు. లెక్కకి 2 జీబీ. కొన్ని భాగాలకి ఎక్కువ బిట్లు ఉంచుతారు, బొమ్మ చూసే భాగం వేరే ఉంటుంది, అన్నీ కలిపి డౌన్‌లోడ్ 3.3 జీబీ దాకా అవుతుంది. విండోస్ తినేది పోను ఇది పట్టాలంటే బ్రౌజర్ మూసెయ్యాల్సిందే. లేకపోతే ర్యామ్ చాలక డిస్కు మీద పడుతుంది, ఒక్కో అక్షరం నిమిషానికోసారి వస్తుంది.

```
ollama pull gemma3:4b
ollama run gemma3:4b "ఈ బొమ్మలో ఉన్నది ఉన్నట్టు రాయి ./page07.jpg"
```

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇప్పుడు ఈ టూల్‌లోనే పేరు చివర `-cloud` అని ఉండే మోడళ్లు కూడా దొరుకుతున్నాయి. కమాండ్ మన మెషీన్‌లో కొట్టినా పని జరిగేది వాళ్ల సర్వర్లో. అందుకే డౌన్‌లోడ్ అవగానే వైఫై ఆపేశాను. ఆపినా సమాధానం వస్తే అది మన ల్యాప్‌టాప్‌లోనే నడుస్తున్నట్టు.

సమాధానమైతే వచ్చింది. చక్కటి తెలుగులో, తాతయ్య ఎప్పుడూ రాయని మాటలు! సగం పేర్లు పుస్తకంలో లేనివి. మోడల్ తెలివితక్కువది అనుకుని వదిలెయ్యబోయాను. కానీ తప్పు ఎక్కువగా నేనిచ్చిన బొమ్మలో ఉంది.

ఈ మోడల్ ఎంత పెద్ద ఫొటో ఇచ్చినా దాన్ని ముందు 896×896 పిక్సెళ్లకి కుదిస్తుంది. ఆ చదరాన్ని చివరికి 256 టోకెన్లుగా మారుస్తుంది, అంటే నిలువుకి 16, అడ్డానికి 16. తాతయ్య పేజీలో 25 వరుసలు. 896ని 25తో భాగిస్తే వరుసకి 36 పిక్సెళ్లు కూడా రావు. ఒక్కో టోకెన్ 56 పిక్సెళ్ల ఎత్తుని చూస్తుంది కాబట్టి ఒకే టోకెన్‌లో వరుసన్నర ఇరుక్కుంటోంది. ఇంగ్లీషు అక్షరమైతే ఇంకా కొంత నెగ్గుకొస్తుందేమో. మనకి అసలు అర్థమంతా ఒత్తుల్లో, గుడుల్లో ఉంటుంది. అవి మూడు నాలుగు పిక్సెళ్ల మచ్చలైపోతాయి. కనపడనిచోట మోడల్ ఆగదు, తెలుగులో ఏది వచ్చే అవకాశం ఉందో అది రాసేస్తుంది.

మరి బొమ్మని కుదించని మోడల్ తీసుకుంటే? `qwen2.5vl` అలాంటిదే, బొమ్మ సైజుని బట్టి టోకెన్లు పెంచుతుంది. 28×28 పిక్సెళ్లకి ఒక టోకెన్. ఫోన్ ఫొటో 3024×4032 అనుకుంటే 108×144, అంటే 15,552 టోకెన్లు. ఒక్క పేజీకి అన్ని టోకెన్లంటే నా ప్రాసెసర్ వల్ల అయ్యేది కాదు. క్లౌడ్‌లో పెద్ద గ్రాఫిక్స్ కార్డులున్నాయి కాబట్టి ఈ ఖర్చు అక్కడ మనకి కనపడదు. రెండింటికీ ఉన్న అసలు తేడాల్లో ఇదొకటి.

నాకు మిగిలిన దారి పేజీని ముక్కలు చెయ్యడం. నిలువుగా రెండు, అడ్డంగా అయిదు.

```
magick page07.jpg -auto-orient -strip -crop 2x5@ +repage p07_%d.jpg
```

ఇప్పుడు ముక్కకి అయిదు వరుసలే, వరుసకి 180 పిక్సెళ్ల దాకా వస్తాయి. వరుస మధ్యలో కత్తెర పడకుండా ఫొటోని ముందే పుస్తకం గీతల దగ్గర సరిచూసుకోవాలి. `-strip` అనేది ఫొటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలు తీసేస్తుంది. కొట్టాక గమనించిందేంటంటే, తాతయ్య ఎప్పుడూ ఎడమ పక్క చెక్కల పేర్లు, మనుషుల పేర్లు రాసి, కుడి పక్క బస్తాలు వేశాడు. కాబట్టి సరి సంఖ్య ముక్కలన్నీ పేర్లు, బేసి సంఖ్య ముక్కలన్నీ అంకెలు. తప్పులు తగ్గించడానికి కోసిన కోత, బాబాయ్ అడిగినదానికి కూడా సమాధానమైంది. పేర్లు లేని అంకెలు బయటికి వెళ్తే ఎవరికీ నష్టం లేదు.

బాబాయ్‌కి చూపించి ఒప్పించి, అంకెల ముక్కలు క్లౌడ్‌కి ఇచ్చాను. పేర్లు ల్యాప్‌టాప్‌లోనే. ఒక ముక్కకి ముప్పావు నిమిషం, 300 ముక్కలు, నాలుగు గంటలకి కాస్త తక్కువ.

సరిగ్గా చదివిందో లేదో ఎలా తెలియాలి? అంకెలకి సులువు, ఎందుకంటే తాతయ్య ప్రతి పేజీ కింద మొత్తం వేశాడు. ఏడో పేజీలో ఆరు చెక్కలు, కింద 156. పోల్చిచూద్దామని ల్యాప్‌టాప్‌తో కూడా చదివిస్తే 24, 30, 18, 86, 21, 27 అని చెప్పింది. కూడితే 206. తేడా 50, అంటే పదుల స్థానంలో 5. 3ని 8గా చదివితే సరిగ్గా అంతే తేడా వస్తుంది. పుస్తకం చూస్తే 36 ఉంది, పక్కన సిరా పాకి సున్నాలా ముడుచుకుంది. క్లౌడ్ అక్కడ 36 అనే చదివింది. కానీ ఇంకో రెండు పేజీల్లో దానికీ మొత్తం కుదరలేదు. కాబట్టి ఎవరు చదివినా కూడిక మాత్రం మానకూడదు.

పేర్లకి అలాంటి మొత్తం ఉండదు. అక్కడ ఒక చిన్న పరీక్ష పెట్టాను. ఏమీ రాయని ఖాళీ ముక్క ఇచ్చి చదవమన్నా. "ఏమీ లేదు" అనకుండా రెండు లైన్లు రాసింది. అంటే మసగ్గా ఉన్నచోట అది చెప్పింది నమ్మకూడదన్నమాట. ఒకచోట "కరకట్ట కింద చెక్క" అని ఉంటే "కరకట్ట కంద చెక్క" అని రాసింది. మన వైపు కంద కూడా వేస్తారు కాబట్టి, పుస్తకం చూడకపోతే నేనూ నమ్మేసేవాణ్ణి.

చివరికి పేర్లన్నీ నాయనమ్మ పక్కన కూర్చుని సరిచేసుకున్నాను. మోడల్ రాసింది నేను పైకి చదవడం, ఆవిడ "కాదురా, అది కింద చెక్క, మీ తాత మొదట కౌలుకి తీసుకుంది అదే" అనడం. మూడు సాయంత్రాలు పట్టింది. ఆ వాక్యాల్లో సగం ఏ ముక్కలోనూ లేవు, వాటిని పక్కన ఇంకో కాలమ్‌లో టైప్ చేసుకున్నాను. ఆ ఫైలు ఇప్పటికైతే నా ల్యాప్‌టాప్‌లో, బాబాయ్ పెన్‌డ్రైవ్‌లో మాత్రమే ఉంది.