ఊళ్లో లేనివారి రౌటర్ ఉత్తరం

ఇంటి కంప్యూటర్ దూరం నుంచి అందకపోతే, తాళంచెవి ఉన్న పక్కింటివారికి ఇలా రాయొచ్చు:

"పిన్నిగారూ, టీవీ వెనకున్న తెల్లడబ్బా రౌటర్. గోడమీది స్విచ్ కట్టేసి, అరనిమిషం ఆగి వేయండి. సన్నటి రంధ్రంలోని రీసెట్ మీట జోలికి మాత్రం వెళ్లొద్దు, సెట్టింగులన్నీ పోతాయి. నాలుగైదు నిమిషాలయ్యాక కూడా LOS దగ్గర ఎర్రదీపం వెలుగుతుంటే ఫైబర్ తీగలో సిగ్నల్ రావట్లేదన్నమాట. మీరు చేయగలిగిందేమీ లేదు, ఫోన్ చేయండి చాలు.

ఎర్రదీపం లేకపోతే కంప్యూటర్ సంగతి. తెర కాదు, బల్లకింది నల్లపెట్టె. దాని పవర్ మీటను పది సెకన్లు నొక్కిపట్టండి. ఫ్యాన్ చప్పుడు ఆగాక మళ్లీ ఒక్కసారి నొక్కి వదలండి. తెరమీద పాస్‌వర్డ్ అడిగితే అలాగే వదిలేయండి, అక్కణ్నుంచి నేను చూసుకుంటాను."